ఆ 169 ఎక్కడిది? ఫొటోలోని అప్పు పత్రం నుంచి నెల వాయిదా, మొత్తం వడ్డీ లెక్క

(ప్రసంగ పాఠం. తెర మీద చూపినవి చదరపు కుండలీకరణాల్లో ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. సూటిగా విషయంలోకి వెళ్దాం. తెర మీద ఒక ఫొటో ఉంది చూడండి. అప్పు ఇస్తామంటూ ఎవరో ఇచ్చిన కాగితాన్ని ఫోనుతో తీసిన ఫొటో. ఇది నిజంగా ఎవరికో వచ్చిన పత్రం కాదు, ఈ పాఠం కోసం తయారుచేసుకున్న నమూనా. అయితే ఇలాంటి ఫొటోల్లో ఉండే అవకతవకలన్నీ కావాలనే ఇందులో పెట్టాం. కొంచెం వంకరగా ఉంది, మధ్యలో మడత పడింది, కింద చిన్న అక్షరాలు మసకబారాయి.

[తెర: అప్పు మొత్తం 3,00,000. వడ్డీ రేటు ఏడాదికి 13.5 శాతం. కాలవ్యవధి 36 నెలలు. నెలసరి వాయిదా 10,350. కింద రెండు వరుసలు చదవడానికి వీల్లేకుండా ఉన్నాయి.]

మనకు కావలసినవి రెండు. నెలకు ఎంత కట్టాలి, మొత్తం మీద వడ్డీ ఎంత అవుతుంది. నెలకు 10,350 అని కాగితం మీదే ఉంది కదా, ఇంకా లెక్క దేనికి అని మీరు అడగవచ్చు. ఆ సంఖ్య ఉండబట్టే లెక్క కట్టాలి. పైనున్న మూడు సంఖ్యలతో మనం సొంతంగా వాయిదా రాబట్టి, కాగితంలోని వాయిదా పక్కన పెడతాం. రెండూ కలిస్తే, మనం ఫొటోను సరిగ్గా చదివామని తెలుస్తుంది, కాగితం తాను చెప్పిన మాట మీదే ఉందనీ తెలుస్తుంది. కలవకపోతే ఆ తేడాయే తీగ. దాన్ని పట్టుకుని లాగాలి.

ముందు చదవడం సంగతి. ఫొటో నుంచి సంఖ్యలు ఎత్తేటప్పుడు చాలామంది మూడు సంఖ్యలు రాసుకుని వదిలేస్తారు. 3,00,000, 13.5, 36. అది సగం పని. వాటి పక్కన ఉన్న మాటలు కూడా రాసుకోవాలి. మొదటిది అప్పు మొత్తమా, చేతికి వచ్చే మొత్తమా? 13.5 ఏడాదికా, నెలకా? దాని పక్కన మొదటి రోజు బాకీ మీదే వడ్డీ వేసే ఫ్లాట్ అని ఉందా, తగ్గే బాకీ మీద వేసే రెడ్యూసింగ్ అని ఉందా, ఏమీ లేదా? 36 నెలలా, వారాలా? ఏమీ లేకపోతే 'ఏమీ లేదు' అని రాసుకోండి. అది కూడా సమాచారమే.

ఫోనులో ఫొటో నుంచి అక్షరాలను కాపీ చేసే సదుపాయం ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. మంచిదే, కానీ అంకెల దగ్గర దాన్ని గుడ్డిగా నమ్మకండి. మాటల్లో ఒక అక్షరం తప్పితే చదివేవాడికి తెలిసిపోతుంది. అంకెల్లో తెలియదు. 13.5ని 18.5గా చదివినా అది చక్కని వడ్డీ రేటులాగే కనిపిస్తుంది. 3కీ 8కీ, 1కీ 7కీ, 5కీ 6కీ మధ్య ఇలాంటి తికమక ఎక్కువ. సున్నా కాస్తా ఇంగ్లీషు 'ఓ' అక్షరం అయిపోతుంది. డబ్బు గుర్తు ఒక్కోసారి అంకెగా మారి, అప్పు మొత్తానికి ముందు అతుక్కుంటుంది. దశాంశ చుక్క మడతలో పడితే 13.5 కాస్తా 135 అవుతుంది. కామాల విషయంలో ఇంకో చిక్కుంది. కొన్ని దేశాల్లో దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, వేలను విడదీయడానికి చుక్క పెడతారు. కాబట్టి కామాలు తీసేసి అంకెలు లెక్కపెట్టండి. మూడు తర్వాత ఐదు సున్నాలు. పత్రంలో ఎక్కడైనా మొత్తాన్ని అక్షరాల్లో రాసి ఉంటే, దాన్ని వెతికి పోల్చుకోండి. అక్షరాల్లో రాసినదాంట్లో సున్నా జారిపోదు.

ఇంకొక్క మాట, ఫొటో ఎవరైనా పంపుతుంటే డాక్యుమెంటుగా పంపమనండి. మామూలుగా పంపితే మెసేజింగ్ యాప్ దాన్ని కుదించి పంపుతుంది. కుదింపులో ముందు పోయేవి సరిగ్గా మనకు కావలసినవే, అంటే చుక్కలూ చిన్న అక్షరాలూ. మొత్తం పేజీ ఒక ఫొటో, సంఖ్యలున్న చోటు దగ్గరగా ఇంకో ఫొటో ఉంటే హాయి. ఫ్లాష్ వద్దు, వెలుతురు పక్క నుంచి పడాలి.

సరే, చదివాం. ఇప్పుడు లెక్క.

వాయిదా పద్ధతి అప్పులో నిజంగా జరిగేది ఇది. నెల మొదట్లో ఉన్న బాకీ మీద ఆ నెల వడ్డీ పడుతుంది. నెలాఖరుకు మీరు వాయిదా కడతారు. అందులోంచి ముందు ఆ నెల వడ్డీ పోతుంది, మిగిలినది అసలులో తగ్గుతుంది. మరుసటి నెల వడ్డీ తగ్గిన బాకీ మీదే పడుతుంది. ఇలా 36 సార్లు జరిగాక బాకీ సరిగ్గా సున్నా కావాలి. ప్రతి నెలా ఒకే మొత్తం కడుతూ చివరికి సున్నాకు చేరాలంటే ఆ మొత్తం ఎంత ఉండాలి? ఈ ప్రశ్నకు జవాబే ఈ సూత్రం.

```
r   = ఏడాది రేటు / 100 / 12
EMI = P × r × (1+r)^n / ((1+r)^n − 1)
మొత్తం వడ్డీ = EMI × n − P
```

EMI నెల వాయిదా, P అసలు, n నెలల సంఖ్య, r ఒక నెల వడ్డీ రేటు. మన కాగితానికి r ఎంత? 13.5ని 100తో, తర్వాత 12తో భాగిస్తే 0.01125. ఇక్కడ ఆగండి. దీన్ని 0.011 అని కుదించకండి. కుదిస్తే మీరు 13.5 శాతానికి కాక 13.2 శాతానికి లెక్క కట్టినట్టు. వాయిదా 10,137 వస్తుంది, అసలు జవాబు కన్నా 43 తక్కువ. చివరిదాకా అన్ని దశాంశాలూ ఉంచుకుని, ఆఖరున మాత్రమే కుదించాలి.

సూత్రంలో భయపెట్టేది (1.01125)^36 ఒక్కటే. మామూలు కాలిక్యులేటర్‌లో 36 సార్లు గుణించనక్కర్లేదు. 36 అంటే 9కి నాలుగింతలు, 9 అంటే 8కి ఒకటి ఎక్కువ. కాబట్టి 1.01125ని మూడుసార్లు వర్గం చేయండి, 8వ ఘాతం వస్తుంది. ఒక్కసారి 1.01125తో గుణించండి, 9వ ఘాతం. దాన్ని ఇంకో రెండుసార్లు వర్గం చేస్తే 18, 36. మొత్తం ఆరు గుణకారాలు.

[తెర:]

```
1.01125
వర్గం      → 1.0226266   (2)
వర్గం      → 1.0457651   (4)
వర్గం      → 1.0936246   (8)
× 1.01125 → 1.1059279   (9)
వర్గం      → 1.2230765   (18)
వర్గం      → 1.4959161   (36)
```

ఇక మిగిలింది సులువు. 3,00,000ని 0.01125తో గుణిస్తే 3,375. ఇది మొదటి నెల వడ్డీ, గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 3,375ని 1.4959161తో గుణించి, 0.4959161తో భాగిస్తే 10,180.59. అదే నెల వాయిదా. 36తో గుణిస్తే మొత్తం చెల్లింపు 3,66,501. అందులోంచి 3,00,000 తీసేస్తే వడ్డీ 66,501.

స్ప్రెడ్‌షీట్ ఉంటే ఇదంతా ఒక్క వరస.

```
=PMT(13.5/100/12, 36, -300000)
=PMT(13.5/100/12, 36, -300000)*36-300000
```

300000 ముందు మైనస్ గుర్తు ఎందుకంటే, ఈ ఫంక్షన్ చేతికి వచ్చే డబ్బుకీ చేతి నుంచి పోయే డబ్బుకీ ఎదురెదురు గుర్తులు పెడుతుంది. మైనస్ పెట్టకపోతే వాయిదా మైనస్‌లో వస్తుంది, అంతే. దానికన్నా పెద్ద పొరపాటు ఇంకోటుంది. రేటును వేరే గడిలో పెట్టుకుని, ఆ గడిని శాతంగా మార్చిన వాళ్లు మళ్లీ 100తో భాగిస్తారు. ఆ గడిలో 13.5 శాతం అని కనిపిస్తున్నా లోపల ఉన్నది 0.135. దాన్ని మళ్లీ 100తో భాగిస్తే వాయిదా 8,300 చిల్లర వస్తుంది. చూడగానే పట్టేయవచ్చు. 3,00,000ని 36తో భాగిస్తేనే 8,333. వడ్డీ ఏమీ లేకపోయినా అంత కట్టాలి. వాయిదా దానికి ఆనుకుని ఉందంటే వడ్డీ ఎక్కడో ఆవిరైందన్నమాట.

నోటి లెక్కతో సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. బాకీ 3,00,000 నుంచి సున్నాకు దిగుతుంది కాబట్టి సగటు బాకీ సగానికి కాస్త పైన ఉంటుంది. మొదటి నెల వడ్డీ 3,375ని 37లో సగంతో, అంటే 18.5తో గుణించండి. 62,437 వస్తుంది. అసలు వడ్డీ 66,501 కాబట్టి ఈ నోటి లెక్క ఎప్పుడూ కొంచెం తక్కువ చూపిస్తుంది. ఎందుకంటే మొదట్లో వాయిదాలో వడ్డీ వాటా ఎక్కువగా ఉండి, అసలు నెమ్మదిగా దిగుతుంది. మూడు నాలుగేళ్ల అప్పుకు ఈ అంచనా పనికొస్తుంది. ఇరవై ఏళ్ల అప్పుకు మాత్రం దీన్ని వాడకండి, చాలా తక్కువ చూపించి మోసం చేస్తుంది.

సభలోంచి ప్రశ్న: సార్, 3 లక్షలకు 13.5 శాతం అంటే ఏడాదికి 40,500. మూడేళ్లకు 1,21,500 కదండీ. మీరు 66 వేలంటున్నారు, సగం తగ్గిపోయింది!

మంచి ప్రశ్న. మీరు వేసిన లెక్కలో మూడేళ్లూ బాకీ 3,00,000 దగ్గరే నిలబడి ఉంది. ఏడాది తిరిగేసరికి మీరు పన్నెండు వాయిదాలు కట్టి ఉంటారు, అయినా వడ్డీ మొదటి రోజు బాకీ మీదే పడుతోంది. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. అలా లెక్క వేసి అప్పు ఇచ్చేవాళ్లు ఉన్నారు కాబట్టి మీ లెక్క తప్పని అనను. కాగితం మీద ఫ్లాట్ అని ఉంటే అదే సరైన లెక్క. అప్పుడు మొత్తం 4,21,500, నెలకు 11,708. కానీ ఆ 11,708 కట్టేవాడు తగ్గే బాకీ లెక్కలో ఎంత రేటు మోస్తున్నాడో చూస్తే, అది దాదాపు 23.6 శాతం. కాగితం మీద మాత్రం 13.5 అనే ఉంటుంది. అందుకే రేటు పక్కన ఉన్న మాట రాసుకోమన్నాను. అంకె ఒకటే, మాట మారితే వడ్డీ 66,501 నుంచి 1,21,500కు పోతుంది.

ఇంతకీ మన కాగితం ఏ రకం? రేటు పక్కన ఏ మాటా లేదు. కానీ నాలుగో సంఖ్య ఉంది, 10,350. ఫ్లాట్ అయితే 11,708 ఉండాలి, తగ్గే బాకీ అయితే 10,181 ఉండాలి. 10,350 రెండోదానికే దగ్గర. కాబట్టి ఫ్లాట్ కాదు. కానీ 10,181 కూడా కాదు. నెలకు 169 ఎక్కువ. ఇప్పుడు వెతకాల్సింది ఆ 169నే.

ఇంత చిన్న తేడాను పైసలు కుదించడం కింద కొట్టేయవచ్చా? కుదరదు. వాయిదాను పూర్ణాంకానికి కుదించినప్పుడు తేడా ఒకటి లోపే ఉంటుంది. 10,180.59ని 10,181గా తీసుకుంటే ప్రతి నెలా కాస్త ఎక్కువ కట్టినట్టవుతుంది, అది కూడుతూ పోయి చివరి వాయిదా 18 తగ్గి 10,163 అవుతుంది. అంతకుమించి ఏమీ ఉండదు. 169 అనేది కుదింపు కాదు, దాని వెనక ఒక కారణం ఉంది.

ముందు మన చదువు తప్పేమో అనుమానిద్దాం. నిందను కాగితం మీదికి తోసేముందు మన కళ్లను అనుమానించాలి. రేటు తప్పు చదివామా? 13.5 బదులు 18.5 అయితే వాయిదా 10,921 వస్తుంది. 14.5 అయితే 10,326. 10,350 సరిగ్గా రావాలంటే రేటు 14.66 శాతం ఉండాలి. ఫొటోలో 13.5లా కనిపించేది 14.66 అయ్యే అవకాశం లేదు. చుక్క పోయి 135 అయి ఉంటే మొదటి నెల వడ్డీయే 33,750, అది ఈ వాయిదాలో పట్టనే పట్టదు.

నెలలు తప్పు చదివామా? 35 అయితే 10,417. అది 10,350ని దాటిపోయింది. 35కూ 36కూ మధ్య ఇంకో నెల లేదు కాబట్టి కాలవ్యవధితో ఈ తేడా పుట్టదు. ఏళ్లను నెలలుగా పొరబడడం మామూలే కానీ అది దాక్కోదు. '3' అని చూసి మూడు నెలలనుకుంటే వాయిదా లక్ష దాటుతుంది.

అప్పు మొత్తాన్ని తప్పు చదివామా? ఇక్కడ ఒక మంచి గుణం ఉంది. రేటు, నెలలు అవే ఉంచితే వాయిదా అసలుతో సమపాళ్లలో పెరుగుతుంది, తగ్గుతుంది. ఒక సున్నా జారిపోతే వాయిదా సరిగ్గా పదో వంతు, 1,018 అవుతుంది. అంటే కాగితంలోని వాయిదాను మన వాయిదాతో భాగిస్తే, అసలు ఎన్ని రెట్లు తేడా ఉందో నేరుగా తెలిసిపోతుంది. చేసి చూద్దాం. 10,350ని 10,180.59తో భాగిస్తే 1.01664. దాన్ని 3,00,000తో గుణిస్తే 3,04,992.

ఈ సంఖ్య ఎంత చక్కగా వచ్చిందో చూశారా? వాయిదాను కుదించారు కాబట్టి ఎనిమిది తేడా వచ్చింది, కానీ ఇది 3,05,000. ఇంత గుండ్రంగా వచ్చిందంటే అదే కారణం అయి ఉండాలని గట్టిగా అనుమానించవచ్చు. 3,05,000కు 13.5 శాతంతో 36 నెలలకు వాయిదా లెక్క కడితే 10,350.26. సరిపోయింది. ఎక్కడో 5,000 అసలులో కలిసింది.

ఇప్పుడు మసకబారిన ఆ రెండు వరుసల దగ్గరికి వెళ్దాం. దగ్గరగా తీసిన రెండో ఫొటో ఇది.

[తెర: 'రుణ రక్షణ బీమా ప్రీమియం 5,000 అప్పు మొత్తానికి కలపబడుతుంది.']

ఉంది చూశారా. లెక్క ముందే చెప్పింది, తర్వాత కళ్లు చూశాయి. పేజీలో కనిపించని సంఖ్యను పేజీలో కనిపించిన సంఖ్యలే బయటపెట్టాయి. అయితే ఒక హెచ్చరిక. భాగహారంలో 3,04,992 వచ్చినంత మాత్రాన బీమాయే అని తేల్చేయకూడదు. అది ప్రాసెసింగ్ రుసుము కావచ్చు, రెండూ కలిసి కావచ్చు. లెక్క మొత్తాన్ని చెబుతుంది, పేరును చెప్పదు. పేరు కోసం కాగితాన్నే చూడాలి, లేదా అడగాలి.

మొత్తం వడ్డీ ఇప్పుడు మారుతుంది. నెలకు 10,350 చొప్పున 36 నెలలకు 3,72,600. మీ అవసరానికి దొరికింది 3,00,000. కాబట్టి మీకైన ఖర్చు 72,600. అందులో 5,000 బీమా, 67,600 వడ్డీ. ముందు మనం అనుకున్న వడ్డీ 66,501. ఆ పైన వచ్చిన దాదాపు 1,100, బీమా డబ్బును అప్పుగా తీసుకున్నందుకు మూడేళ్లలో పడిన వడ్డీ. బీమా కావాలా వద్దా అన్నది వేరే చర్చ. కావాలనుకున్నా, ఆ 5,000 చేతి నుంచి ఒకేసారి కడితే ఈ 1,100 పడదు. ఈ సంగతి కాగితంలో ఏ వరసలోనూ రాసి ఉండదు.

ఇందాక 10,350 రావాలంటే రేటు 14.66 ఉండాలన్నాను. చదువు తప్పేమో చూడడానికి వాడిన ఆ సంఖ్యకు ఇంకో అర్థం కూడా ఉంది. మీ అవసరానికి దొరికిన 3,00,000కు, మీరు కట్టే 10,350కి మధ్య నిజంగా నడుస్తున్న రేటు అది. స్ప్రెడ్‌షీట్‌లో ఇలా వస్తుంది.

```
=RATE(36, -10350, 300000)*12*100
```

రెండు చోట్ల నుంచి రెండు కాగితాలు వస్తే పోల్చాల్సింది ఈ రేటును. ఒకటి 13.5 అని రాసి బీమా కలుపుతుంది, ఇంకోటి 14 అని రాసి ఏమీ కలపదు. పైపైన మొదటిది చవక, లెక్కలో రెండోది చవక.

ఈ పద్ధతికి ఒక పెద్ద హద్దు ఉంది, దాచకుండా చెప్పాలి. ఆ 5,000ని అసలుకు కలపకుండా, చేతికిచ్చే డబ్బులోంచి కోసుకుంటే? అప్పు మొత్తం 3,00,000గానే ఉంటుంది. వాయిదా 10,181గానే వస్తుంది. మన లెక్కకూ కాగితానికీ తేడా ఉండదు, సరిపోయిందని సంతోషిస్తాం. కానీ చేతికి 2,95,000 మాత్రమే వస్తుంది. 2,95,000 తీసుకుని 10,181 చొప్పున కడితే నిజమైన రేటు దాదాపు 14.7 శాతం. బీమా కలిపినప్పుడు 14.66, కోసినప్పుడు 14.7. భారం ఒకటే, కానీ రెండోది వాయిదాలో కనిపించదు. అందుకే ఫొటోలో 'అప్పు మొత్తం' అన్న వరస ఒక్కటే కాకుండా, 'చేతికి వచ్చే మొత్తం' అన్న వరస ఎక్కడుందో వెతకాలి. లేకపోతే ఆ ఒక్క ప్రశ్న అడగాలి, 'నా ఖాతాలో పడేది ఎంత?' అని.

చిన్న చిన్న తేడాలకు ఇంకో రెండు కారణాలు చెప్పి ముందుకు పోతాను. కొందరు ఏడాది రేటును 360 రోజులకు పంచి, 365 రోజులకు వసూలు చేస్తారు. అప్పుడు 13.5 కాస్తా 13.69 అవుతుంది, వాయిదా సుమారు 10,208 వస్తుంది. అంటే నెలకు 27 తేడా. రెండోది, డబ్బు ఇచ్చిన రోజుకూ మొదటి వాయిదా తేదీకీ మధ్య నెల కన్నా ఎక్కువ ఉండడం. 15 రోజులు ఎక్కువైతే ఆ రోజులకు వడ్డీ 1,664. దాన్ని మొదటి వాయిదాలో కలుపుతారు, లేదా విడిగా అడుగుతారు. ఇది అన్యాయమేమీ కాదు, ఆ రోజుల్లో డబ్బు మీ దగ్గరే ఉంది. మొదటి నెల ఎక్కువ కట్టమన్నప్పుడు కంగారు పడకుండా ఉండడానికి చెబుతున్నాను.

ఒకవేళ మీ వాయిదా కన్నా కాగితంలోని వాయిదా తక్కువ ఉంటే? మొదటి వాయిదాను డబ్బు ఇచ్చిన రోజునే పట్టుకునే పద్ధతి కావచ్చు. మన అప్పుకు అలా చేస్తే వాయిదా 10,067. తక్కువ కదా అని మురిసిపోకండి, మొదటి రోజే 10,067 వెనక్కి ఇచ్చేశారు కాబట్టి చేతిలో మిగిలింది 2,89,933.

సభలోంచి ప్రశ్న: అమ్మా, మా కాగితంలో వాయిదా సంఖ్యే లేదండి. అప్పు, రేటు, నెలలు మాత్రమే ఉన్నాయి. రేటు కూడా '1.5' అని ఉంది. మరి పోల్చడం ఎలా?

[వేదిక మీదున్న రెండో వక్త సమాధానం:]

1.5 అని ఉంటే అది నెలకు అయ్యే అవకాశమే ఎక్కువ, నూటికి ఒకటిన్నర అని మనం నోటితో అనేది నెల వడ్డీయే కదా. అలాగైతే ఏడాదికి 18. దాన్ని 12తో భాగించకండి, 0.015నే r గా పెట్టండి. కానీ 'అయ్యే అవకాశం' అన్నదాని మీద సంతకం పెట్టలేం కదండీ. పైగా నెలకు ఇంత అని చెప్పే రేటు ఫ్లాట్ అయ్యే అనుమానం కూడా ఉంటుంది. కాబట్టి వాయిదాల పట్టిక అడిగి తీసుకోండి. నెల, వాయిదా, అందులో వడ్డీ, అందులో అసలు, మిగిలిన బాకీ, ఇలా ఐదు గళ్లుంటాయి. మొత్తం పట్టిక ఫొటో తీయనక్కర్లేదు, మొదటి రెండు వరుసలూ చివరి వరసా చాలు.

మనం చూసిన అప్పుకు, బీమా లేనప్పుడు, మొదటి వరసలో వడ్డీ 3,375, అసలు 6,805.59, మిగిలిన బాకీ 2,93,194.41 ఉంటుంది. 3,375ని 3,00,000తో భాగిస్తే 0.01125, అదే నెల రేటు. 12తో గుణిస్తే 13.5 శాతం. అంటే రేటు చెప్పకపోయినా మొదటి వరసే చెబుతుంది. రెండో వరసలో వడ్డీ 3,298.44కు తగ్గాలి. తగ్గకుండా అదే 3,375 మళ్లీ కనిపిస్తే అది ఫ్లాట్, ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. చివరి వరసలో వడ్డీ 113 దగ్గరికి దిగి, బాకీ సున్నా అవ్వాలి. చివరి బాకీ సున్నా కాకుండా ఏదో మిగిలి ఉంటే, ఆఖరున పెద్ద మొత్తం ఒకటి కట్టాల్సి ఉందేమో అడగండి.

మొదటి వరసలో మిగిలిన బాకీ గడిని కూడా ఒకసారి చూడండి. దానికి ఆ వరసలోని అసలును కలిపితే, లెక్క ఏ మొత్తం మీద మొదలైందో బయటపడుతుంది. బీమా కలిసిన మన కాగితానికి అది 3,05,000 చూపిస్తుంది, పై పేజీలో 3,00,000 అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా.